బిల్లు ఎవరి ముందు పెడుతున్నారు?

హైదరాబాద్ కాఫీ షాపుల, రెస్టారెంట్ల యజమానులకు, ఫ్లోర్ మేనేజర్లకు బహిరంగ లేఖ



నేను హోటల్ పనిలోనే పెరిగినదాన్ని. స్టీవార్డ్‌గా చేరాను, కెప్టెన్‌గా చేశాను, ఇప్పుడు మీలాంటివారి దగ్గర కొత్తగా చేరే పిల్లలకు టేబుల్ సర్వీసు నేర్పుతున్నాను. మొదటిసారి కలుసుకుంటున్న ఇద్దరు మీ దగ్గరికి వచ్చి కూర్చున్నప్పుడు బిల్లు దగ్గర వాళ్లు పడే ఇబ్బందిలో సగం మనం తెచ్చిపెడుతున్నదే. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ టేబుల్‌ను మీ స్టాఫ్ ఇట్టే గుర్తుపడతారు. ఒకరు పది నిమిషాలు ముందొచ్చి గుమ్మం వైపే చూస్తుంటారు. రెండోవాళ్లు లోపలికి రాగానే ఫోన్‌లోని ఫొటోనూ మొహాన్నీ ఒకసారి పోల్చుకుంటారు. మెనూ తెరిచి చాలాసేపు ఆర్డరివ్వరు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు శని, ఆదివారాల్లో సాయంత్రం ఇలాంటి టేబుళ్లు చాలానే ఉంటాయి. కొందరు డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాళ్లు, ఇంకొందరు మ్యాట్రిమొనీ సైట్‌లో జాతకాలు కలిశాక ‘ఒకసారి బయట కూర్చుని మాట్లాడుకోండి’ అని పెద్దవాళ్లు పంపినవాళ్లు. ఈ రెండో రకానికి బిల్లు మరీ బరువు. ఇంటికెళ్లగానే రెండువైపులా అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో ‘బిల్లు ఎవరిచ్చారు?’ అన్నది తప్పకుండా ఉంటుంది. అబ్బాయి ఇస్తే మర్యాదస్తుడు, అమ్మాయి ఇస్తే డాబు, సగం సగం ఇస్తే లెక్కల మనుషులు. తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది.

మనవాళ్లకు బిల్లు గొడవ కొత్తేం కాదు. బంధువులంతా కలిసి భోజనానికి వెళ్తే క్యాష్ కౌంటర్ దగ్గర చేతులు పట్టుకుని లాక్కోవడం మీరు రోజూ చూసేదే. కానీ ఆ గొడవకు ఒక నియమం ఉంది. పిలిచినవాళ్లే పెట్టాలి, తిన్నవాళ్లు మరోసారి పిలవాలి. వాళ్ల మధ్య రాకపోకలు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఈ రోజు లెక్క ఎప్పుడో సర్దుకుంటుంది. మొదటిసారి కలుసుకున్నవాళ్లకు ఆ ‘మరోసారి’ ఉంటుందో లేదో తెలియదు. చాలాసార్లు ఇద్దరిలో ఒకరికి అక్కడ కూర్చునే అర్థమైపోతుంది, ఉండదని. అలాంటప్పుడు ఎదుటివాళ్లు మొత్తం కడితే తమ మీద ఏదో బాకీ ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ‘నా సగం నేనిస్తాను’ అని ఒక అమ్మాయి పట్టుబడితే, పొగరు అనుకునే ముందు ఇది గుర్తు చేసుకోండి. ఆమె ఎవరికీ రుణపడకుండా ఇంటికి వెళ్లాలనుకుంటోంది, అంతే.

ఇప్పుడు మనం చేస్తున్నదేంటో చూద్దాం. మీ దగ్గర ఏ శనివారమైనా ఓ అరగంట నిలబడి చూడండి. బిల్లు అమ్మాయే అడిగినా ఫోల్డర్ మాత్రం అబ్బాయి ముందుకే వెళ్తుంది. కార్డు ఆమెదైనా మెషిన్ మాత్రం అతనికే ఇస్తారు. ‘సార్, బాటిల్ వాటర్ తెమ్మంటారా, మామూలు వాటరా?’ అని అడిగేది అతన్నే. ఎదురుగా కొత్త మనిషి కూర్చుని ఉండగా ‘మామూలు నీళ్లే తెండి’ అనడానికి అతనికి నోరు రాదు, బాటిల్ వస్తుంది. ఈ రోజు స్పెషల్స్ అంటూ కెప్టెన్ మూడు వంటకాలు నోటితో చెబుతాడు, ధర చెప్పడు. ఇద్దరూ అడగరు. అవి మెనూలోని వాటికంటే ఖరీదైనవని మనకు తెలుసు, వాళ్లకు బిల్లు చూశాకే తెలుస్తుంది.

పెరూ రాజధాని లిమాలో ఒక పేరున్న రెస్టారెంట్ మగవాళ్లకు ధరలున్న మెనూ, వాళ్లతో వచ్చిన స్త్రీలకు ధరలు లేని మెనూ ఇచ్చేది. అది వివక్ష అని తేల్చి 2019లో అక్కడి వినియోగదారుల సంస్థ భారీ జరిమానా వేసింది. మనదగ్గర అలాంటి రెండు మెనూలు నేనెక్కడా చూడలేదు. కానీ ధర చెప్పకుండా స్పెషల్స్ వినిపించి, బిల్లు నేరుగా అతని ముందు పెడితే జరిగేది అదే. ఎవరు కట్టాలో వాళ్లు అనుకోకముందే మనం తేల్చేస్తున్నాం. ఆ తర్వాత అతను ‘సగం సగం’ అంటే పిసినారి అవుతాడు, ఆమె పర్సు తీస్తే అతన్ని చిన్నబుచ్చినట్టు అవుతుంది.

అందుకే శిక్షణలో మొదటిరోజే చెబుతాను. బిల్లు అడిగినవాళ్ల చేతికే ఇవ్వండి. ఎవరడిగారో తెలియకపోతే టేబుల్ మధ్యలో, ఇద్దరికీ సమానదూరంలో పెట్టండి. పెట్టి అక్కడే నిలబడకండి, రెండడుగులు వెనక్కి వెళ్లండి. మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక్క నిమిషం కావాలి. స్వైపింగ్ మెషిన్ పట్టుకుని పక్కన నిలబడితే ఆ నిమిషం పోతుంది, ఎవరో ఒకరు మొహమాటానికి కార్డు తీసేస్తారు.

ఇక సగం సగం కడతామన్నప్పుడు మన దగ్గర వినిపించే జవాబు ఒకటుంది. ‘సారీ మేడమ్, బిల్లు స్ప్లిట్ చేయడం కుదరదు, ప్రింటైపోయింది.’ ఇది చెప్పే స్టీవార్డ్ అబద్ధమాడటం లేదు, అతనికి నేర్పినవాళ్లు రెండు వేర్వేరు పనులను కలిపేశారు. ఎవరేం తిన్నారో దాని ప్రకారం బిల్లును రెండు బిల్లులుగా విడగొట్టడం ఒక పని. ప్రింటయ్యాక దానికి చాలాచోట్ల మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి, పాత బిల్లు రద్దు చేయాలి, రద్దీవేళ ఎవరూ ఇష్టపడరు. కానీ బిల్లు ఒకటే ఉంచి డబ్బు రెండు చేతుల నుంచి తీసుకోవడం వేరే పని. మనం వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా సెటిల్‌మెంట్ దగ్గర ఒకటికంటే ఎక్కువ పేమెంట్లు వేయొచ్చు. సగం నగదు, సగం కార్డు ఇచ్చేవాళ్లకు క్యాషియర్ రోజూ అలాగే వేస్తున్నాడు. రెండు యూపీఐలు వేయడం కూడా అంతే. ఈ తేడా మీ క్యాషియర్‌కు తెలుసు, ఫ్లోర్ మీద తిరిగే పిల్లలకు తెలియదు.

యూపీఐలో ఒక చిక్కు మాత్రం నిజంగానే ఉంది. కౌంటర్ మీద అతికించి ఉండే క్యూఆర్‌లో మొత్తం ఉండదు, ఎంత కావాలంటే అంత కొట్టి పంపొచ్చు. మెషిన్ తెర మీద అప్పటికప్పుడు వచ్చే క్యూఆర్‌లో బిల్లు మొత్తం ముందే నిండి ఉంటుంది, దాన్ని స్కాన్ చేసి సగం పంపడం కుదరదు. అప్పుడు స్టీవార్డ్ చేయాల్సింది ఒక్కటే, మెషిన్‌లో సగం మొత్తం కొట్టి ఒక క్యూఆర్, మిగతా సగానికి మరో క్యూఆర్ తీయడం. అర నిమిషం పని. నేర్పకపోవడం వల్లే ‘కుదరదు’ అన్న మాట వస్తోంది.

ఆ మాట వల్ల ఏమవుతుందో చాలామంది యజమానులు ఆలోచించరు. అతను మొత్తం కట్టేస్తాడు. ‘నా సగం నీకు పంపిస్తా, నంబర్ చెప్పు’ అని ఆమె అంటుంది. ఇద్దరూ అప్పటిదాకా యాప్‌లోనే మాట్లాడుకున్నారు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు. యూపీఐలో డబ్బు పంపితే బ్యాంకు ఖాతాలో ఉన్న పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, అవతల కనిపిస్తుంది. చాలామంది యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. రేపు వద్దనుకున్నా ఆమె పేరూ నంబరూ అతని ఫోన్‌లో ఉండిపోతాయి. ఏడెనిమిది వందల రూపాయల కోసం ఆమె ఇవ్వదలచుకోని వివరాలు ఇచ్చేలా చేశాం. అబ్బాయిలకూ ఇదే వర్తిస్తుంది. అందుకే రెండు పేమెంట్లు నేరుగా మన ఖాతాలోకే రావడం వాళ్ల మర్యాదకే కాదు, భద్రతకూ సంబంధించిన విషయం.

ఒక మామూలు బిల్లు తీసుకుందాం. రెండు కాపుచినోలు, ఒక్కోటి 260. అతను తిన్న పాస్తా 420, ఆమె తిన్న శాండ్‌విచ్ 340, ఇద్దరూ పంచుకున్న చీజ్‌కేక్ 320. మొత్తం 1,600. దానిమీద 5 శాతం జీఎస్టీ 80 కలిపితే 1,680. తలా సగమంటే 840. ఎవరు తిన్నదానికి వాళ్లే కడతామంటే చీజ్‌కేక్‌లో సగం వేసుకుని, పన్ను కలిపి, అతనికి 882, ఆమెకు 798 వస్తుంది. సగం సగానికీ దీనికీ తేడా మనిషికి 42 రూపాయలు. ఆ 42 కోసం ఎదురెదురుగా కూర్చుని ఎవరి పదార్థాలు వాళ్లు లెక్కపెట్టుకోవడం చూడటానికి బాగుండదు, చేసేవాళ్లకూ బాగుండదు. ఇలాంటి బిల్లులో సగం సగమే సుఖం.

ఒక సందర్భంలో మాత్రం సగం సగం అన్యాయం. ఒకరు మందు తాగి, ఇంకొకరు తాగనప్పుడు. రెండు కాక్‌టెయిల్స్ తాగినవాళ్ల పక్కన లైమ్ సోడాతో సరిపెట్టుకున్న మనిషి సమానంగా కట్టాల్సిన పనిలేదు. ఇక్కడ మన బిల్లింగే దారి చూపిస్తుంది. మద్యం జీఎస్టీలోకి రాదు, దానిమీద పడేది రాష్ట్ర వ్యాట్. అందుకే చాలాచోట్ల బారు బిల్లు, ఫుడ్ బిల్లు విడివిడిగానే ప్రింటవుతాయి. రెంటినీ ఒకే ఫోల్డర్‌లో దూర్చి పైన మొత్తం రాసివ్వకుండా, రెండు కాగితాలుగానే పక్కపక్కన పెట్టండి. తాగినవాళ్లే బారు బిల్లు వైపు చెయ్యి చాపుతారు, ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

పై లెక్కలో నేను సర్వీస్ ఛార్జీ వేయలేదు. దాని గురించి నిష్ఠూరంగానే మాట్లాడాలి. 10 శాతం వేస్తే 160, దానిమీద మళ్లీ జీఎస్టీ, 1,680 కాస్తా 1,848 అవుతుంది. సర్వీస్ ఛార్జీని కస్టమర్ అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని సవాలు చేసిన కేసుల్లో ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. అయినా వేస్తున్నవాళ్లున్నారు. కుటుంబంతో వచ్చినవాళ్లు అడిగి తీయించుకుంటారు. మొదటిసారి కలుసుకున్న జంట మాత్రం అడగదు. ఎదుటి మనిషి ముందు 160 రూపాయల కోసం వాదించేవాడిలా కనిపించడం ఎవరికీ ఇష్టముండదు. ఆ మొహమాటం మీద సంపాదన మనకు వద్దు. అది అందరికంటే నోరు మెదపలేని మనిషి జేబులోంచి తీసుకున్న డబ్బు.

మన వ్యాపారం పేరు చెడగొట్టినవాళ్లూ ఉన్నారు. 2024లో హైటెక్ సిటీలోని ఒక పబ్ విషయంలో సైబరాబాద్ పోలీసులు ఓ ముఠాను పట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి అబ్బాయిని ఆ పబ్‌కే రప్పించి, ఖరీదైన మందు ఆర్డరిచ్చి మధ్యలోనే వెళ్లిపోయేది, వేలకు వేలు బిల్లు అతని మీద పడేది. ఇలాంటి మోసంలో చిక్కినవాళ్లు బిల్లు కట్టడం తమ బాధ్యతే అనుకుని కట్టేసి బయటపడతారు. అలాంటి ఉచ్చు గుర్తులు మీ స్టాఫ్‌కు తెలిసి ఉండాలి. ఎక్కడ కలవాలో ఒకరే పట్టుబట్టడం, ధరలున్న మెనూ టేబుల్ దగ్గర లేకపోవడం, అడక్కుండానే వరసగా గ్లాసులు రావడం. నిజాయతీగా నడిచే చోట మెనూ చివరిదాకా టేబుల్ మీదే ఉంటుంది. ఆర్డర్ తీసుకున్నాక మెనూలు లాగేసుకునే అలవాటు మానుకోండి. రెండోసారి ఏదైనా కావాలంటే ధర చూసుకుని చెప్పుకుంటారు.

ఇంతవరకూ మన పని. అసలు మాట మాట్లాడుకోవాల్సింది ఆ ఇద్దరే. దానికి సరైన సమయం బిల్లు వచ్చాక కాదు, కలుద్దామని అనుకున్నప్పుడే. పిలిచేవాళ్లు ఒక్క వాక్యం కలిపితే చాలు: ‘శనివారం కాఫీకి వెళ్దామా? పిలుస్తున్నది నేను కాబట్టి బిల్లు నాది.’ అవతలివాళ్లకు అది ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పే వీలుంటుంది: ‘వస్తాను, కానీ తలా సగం అయితే నాకు హాయిగా ఉంటుంది.’ మెసేజ్‌లో రాసుకున్నప్పుడు ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు, అందుకే అది తేలిక. ఇంకో లాభమూ ఉంది. సగం తనే కట్టాలని తెలిసిన మనిషి, తన జేబుకు తగిన చోటు చెబుతాడు. ఉద్యోగం కోసం అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు జూబ్లీహిల్స్‌లో 1,680 బిల్లు ముందు చెమటలు పట్టి కూర్చోవాల్సిన అవసరం రాదు. ఇరానీ హోటల్‌లో రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లతో కూడా గంటసేపు చక్కగా మాట్లాడుకోవచ్చు.

ముందు అనుకోకపోతే బిల్లు వచ్చాక ఒక పద్ధతి పాటిస్తే గౌరవంగా ఉంటుంది. ఒకరు ‘నేనిస్తాను’ అనాలి. రెండోవాళ్లు ‘సగం ఇవ్వనా?’ అని నిజంగా ఇచ్చే ఉద్దేశంతోనే ఒక్కసారి అడగాలి. ‘వద్దు, ఉండనీ’ అంటే ‘థాంక్స్’ అని ఊరుకోవాలి, ‘సరే’ అంటే ఫోన్ తీయాలి. మూడోసారికి వెళ్తే మర్యాద పోయి పంతం మొదలవుతుంది. మన బంధువుల అలవాటు ప్రకారం చేతులు కడుక్కునే నెపంతో వెళ్లి కౌంటర్‌లో కట్టేయడం కూడా కొందరు చేస్తారు. ముందే ‘బిల్లు నాది’ అని చెప్పి ఉంటే అది అందమైన పని. చెప్పకుండా చేస్తే ఎదుటివాళ్లకు వద్దనే అవకాశం లేకుండా చేసినట్టే. అలా ఎవరైనా మీ క్యాషియర్ దగ్గరికి వస్తే డబ్బు తీసుకోండి, కానీ తర్వాత టేబుల్ దగ్గరికొచ్చి ‘సార్ ఆల్రెడీ కట్టేశారు మేడమ్’ అని ప్రకటించొద్దని స్టాఫ్‌కు చెప్పండి. ఆ మాట ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో కట్టినవాళ్ల ఇష్టం.

కట్టినంత మాత్రాన మరే హక్కూ రాదు. బిల్లు కట్టిన రెండో నిమిషంలో గొంతు మారి, ‘మరి ఇంటిదాకా నేనే దింపుతా’ అని పట్టుబట్టే మనుషులను నా సర్వీసులో చూశాను. ఆమె వద్దంటుంది, అతను మళ్లీ అంటాడు. అలాంటప్పుడు మీ ఫ్లోర్ మేనేజర్ ఆ టేబుల్ దగ్గరికి వెళ్లి ‘మేడమ్, మీ క్యాబ్ ఎంత దూరంలో ఉందో చూసి చెప్పమంటారా?’ అని అడిగితే చాలు. క్యాబ్ బుక్ చేయకపోయినా ఆమె అవుననే అంటుంది. వెంటనే ఆమెను కౌంటర్ పక్కన కూర్చోబెట్టి, క్యాబ్ బుక్ చేసుకుని అది వచ్చేదాకా ఉండనివ్వాలి. ఇందుకు ఒక కుర్చీ, పది నిమిషాలు తప్ప మీకు ఖర్చేమీ లేదు.

వచ్చే శనివారం సాయంత్రం షిఫ్ట్ మొదలయ్యే ముందు బ్రీఫింగ్‌లో రెండు పనులు చేయించమని మిమ్మల్ని అడుగుతున్నాను. క్యాషియర్‌ను పిలిచి ఒకే బిల్లుకు రెండు యూపీఐలు ఎలా వేస్తారో అందరి ముందూ ఒకసారి చేసి చూపించమనండి, ఆ తర్వాత ప్రతి స్టీవార్డ్‌తోనూ మెషిన్ మీద సగం మొత్తానికి క్యూఆర్ తీయించండి. బిల్లు ఇచ్చేటప్పుడు అందరూ ఒకే మాట అనేలా అలవాటు చేయండి: ‘ఒకరిచ్చినా, ఇద్దరిచ్చినా మాకు ఇబ్బంది లేదండి.’ ప్రతి టేబుల్ దగ్గరా అదే మాట, కాలేజీ స్నేహితులైనా, ఆఫీసువాళ్లైనా. అందరికీ చెప్పేదే కాబట్టి కొత్త జంట తమను ఎవరో గమనిస్తున్నారని అనుకోదు, సగం సగం అనడానికి వాళ్లకు నోరు వస్తుంది. పోయిన ఏడాది నేను శిక్షణ ఇచ్చిన ఒక చిన్న కేఫ్‌లో ఇది మొదలుపెట్టాం, అక్కడి పిల్లలు ఇప్పుడు ఆలోచించకుండానే అంటున్నారు. మీ దగ్గర నేర్పడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.

ఇట్లు,
మీ వృత్తిలోనే ఉన్న ఒక సర్వీస్ ట్రైనర్